వంద మంది చాలతారా?

మెడికల్ కాలేజీల్లో పీజీలు రాసే థీసిస్ ప్రోటోకాళ్లు తిరగేస్తే, శాంపిల్ సైజ్ అన్న శీర్షిక కింద తరచుగా కనబడే ఫార్ములా ఒకటుంది: 4pq/d². ఒక ఊళ్లోనో జిల్లాలోనో ఎంత శాతం మందికి ఫలానా జబ్బు ఉందో తెలుసుకోవడానికి వాడే ఫార్ములా అది. p అంటే ఉండవచ్చని మనం అనుకుంటున్న శాతం, q అంటే నూటికి మిగిలినది, d అంటే జవాబు ఎంత అటూ ఇటూ అయినా ఫర్వాలేదో అది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. p దగ్గర 52, d దగ్గర 10 వేసి లెక్క కడితే 99.84 వస్తుంది. అంటే వంద. చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది, చేతిలో ఉన్న కాలంలో అంతమంది దొరుకుతారు కూడా.

చిక్కల్లా, చాలాసార్లు థీసిస్ అడిగే ప్రశ్న శాతం గురించి కాదు. ఒక ఉదాహరణ కల్పించుకుందాం. గైనకాలజీ పీజీ చేస్తున్న ఒక డాక్టరమ్మ ప్రశ్న ఇది: ఏడో నెల నిండాక తల్లి రక్తంలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము ఎక్కువుంటే, పుట్టే బిడ్డ బరువు ఎంత ఎక్కువుంటుంది? తల్లి వయసు, ఎత్తు, గర్భానికి ముందున్న బరువు, ఎన్నో కాన్పు, ఇంటి ఆదాయం లాంటివి ఒకేలా ఉన్న ఇద్దరు తల్లులను పోల్చినట్టుగా జవాబు రావాలి. ఆ పని చేసేది రిగ్రెషన్. ఆమె ప్రోటోకాల్ పట్టుకుని కాలేజీలోని స్టాటిస్టిక్స్ మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“సార్, మా సీనియర్లందరూ ఇదే ఫార్ములా వేశారు. కమిటీ కూడా ఒప్పుకుంది.”

“వేసుంటారమ్మా. కానీ నువ్వు అడుగుతున్నది రక్తహీనత ఎంతమందికి ఉందని కాదుగా. ఒక గ్రాముకి బిడ్డ బరువు ఎన్ని గ్రాములు మారితే నీకు పట్టింపు? ముందు అది చెప్పు.”

ఆమె దగ్గర జవాబు లేదు. చాలామంది దగ్గర ఉండదు. శాంపిల్ సైజ్ లెక్కలో అసలు కష్టం ఇక్కడే ఉంది, తర్వాతదంతా కూడికలూ గుణకారాలే. 5 గ్రాముల తేడా నిజంగానే ఉన్నా దానివల్ల ఏ బిడ్డకీ ఒరిగేదేమీ లేదు, ఏ డాక్టరూ వైద్యం మార్చడు. 200 గ్రాముల తేడా ఉంటే ఇన్నేళ్లుగా లేబర్ రూముల్లో పనిచేస్తున్నవాళ్ల కంటికి ఆనేది. ఈ రెండింటి మధ్య ఎక్కడో, ‘ఇంతకన్నా తక్కువైతే నాకు అక్కర్లేదు, ఇంత ఉంటే మాత్రం వదులుకోకూడదు’ అనిపించే అంకె ఉంటుంది. దాన్ని కంప్యూటరు చెప్పదు. ఆ రోగులను చూసే మనిషే చెప్పాలి. మన డాక్టరమ్మ గైడ్‌తో కూర్చుని మాట్లాడి 50 గ్రాములు అని తేల్చుకుంది. హిమోగ్లోబిన్ రెండు గ్రాములు పెరిగితే బిడ్డ వంద గ్రాములు బరువెక్కుతుందంటే ఐరన్ మాత్రల గురించి మాట్లాడటానికి అర్థం ఉంటుందని వాళ్ల ఆలోచన.

ఇప్పుడు పవర్ సంగతి. ఆ 50 గ్రాముల సంబంధం లోకంలో నిజంగా ఉందనే అనుకుందాం. అయినా ఏ ఒక్క అధ్యయనంలోనూ సరిగ్గా 50 రాదు. ఎవరెవరు మన లెక్కలోకి వచ్చారన్నదాన్ని బట్టి ఒకసారి 30 వస్తుంది, ఒకసారి 75 వస్తుంది. అదే అధ్యయనాన్ని వందసార్లు, ప్రతిసారీ కొత్త తల్లులతో చేస్తే, అందులో ఎన్నిసార్లు ‘సంబంధం ఉంది’ అని గట్టిగా చెప్పగలుగుతామో ఆ సంఖ్యే పవర్. ఈ ఆలోచనకు పునాది వేసింది 1930లలో జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్. దాన్ని పరిశోధకుల బల్ల మీదకి తెచ్చింది మాత్రం అమెరికన్ మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్. 1962లో ఆయన తన రంగంలోని ఒక ప్రముఖ పత్రిక 1960 సంపుటిలో వచ్చిన వ్యాసాలన్నీ ముందు వేసుకుని, మధ్యరకం సంబంధాన్ని పట్టుకునే పవర్ వాటికి ఎంత ఉందో లెక్కగట్టాడు. సగటున 48 శాతం తేలింది. ఉన్న సంబంధాన్ని పట్టుకోవడం కన్నా జారవిడవడానికే ఎక్కువ అవకాశమున్న అధ్యయనాలన్నమాట. ఇప్పుడు అందరూ వాడుతున్న 80 శాతం కూడా ఆయన సూచించిందే. లేనిదాన్ని ఉందనడం, ఉన్నదాన్ని లేదనడం కన్నా నాలుగింతలు పెద్ద తప్పని ఆయన అనుకున్నాడు. మొదటిదానికి 5 శాతం ఇస్తే రెండోదానికి 20 శాతం వదిలాడు. అంతకుమించి ఆ 80లో మహత్తేమీ లేదు.

రిగ్రెషన్‌లో ఒకే ఒక్క సంబంధాన్ని పట్టుకోవడానికి ఎంతమంది కావాలో చెప్పే లెక్క ఇది:

```
n = 7.85 × σ² / ( b² × s² × (1 − R²) )
```

7.85 అనేది 5 శాతం పొరపాటుకీ 80 శాతం పవర్‌కీ ఒప్పుకుంటే వచ్చే స్థిరాంకం. 90 శాతం పవర్ కావాలంటే దాని స్థానంలో 10.5 పడుతుంది. b మనం తేల్చుకున్న 50 గ్రాములు. s అంటే తల్లుల హిమోగ్లోబిన్‌లో ఒకరికొకరికి ఉండే తేడా, అంటే స్టాండర్డ్ డీవియేషన్. దాన్ని 1.5 గ్రాములనుకుందాం. σ అంటే మనం లెక్కలోకి తీసుకున్న విషయాలన్నీ పోగా బిడ్డల బరువుల్లో ఇంకా మిగిలిపోయే తేడా. దాన్ని 400 గ్రాములనుకుందాం.

మిగిలింది R². చాలామంది దీన్ని మర్చిపోతారు. బిడ్డ బరువుకీ ఇతర విషయాలకీ ఉన్న సంబంధం కాదిది. తల్లి హిమోగ్లోబిన్‌కీ ఆ ఇతర విషయాలకీ ఉన్న సంబంధం. ఆదాయం ఉన్న ఇంట్లో తిండి బాగుంటుంది, హిమోగ్లోబిన్ బాగుంటుంది, తల్లి బరువూ బాగుంటుంది. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఏది ఎంత లాగిందో చెప్పాలంటే చాలాదూరం వెంట నడవాలి. అలాగే, ఇవన్నీ కలిసి కదులుతున్నప్పుడు హిమోగ్లోబిన్ వాటా విడదీయడానికి ఎక్కువమంది తల్లులు కావాలి. తల్లుల హిమోగ్లోబిన్‌లోని తేడాల్లో పావు వంతును మిగతా విషయాలే చెప్పేస్తాయనుకుంటే R² విలువ 0.25.

ఇక గుణించడమే. 400ను 400తో గుణించి 7.85తో గుణిస్తే 12,56,000. కింద 50 వర్గం 2,500, 1.5 వర్గం 2.25, రెండూ గుణిస్తే 5,625. భాగిస్తే 223 పైచిలుకు. దాన్ని 0.75తో భాగిస్తే 298. నూటికి పదిహేను మంది పుట్టింటికి వెళ్లి వేరే ఆసుపత్రిలో కాన్పు అవుతారనో, రక్తపరీక్ష ఫలితం దొరకదనో అనుకుంటే 298ని 0.85తో భాగించాలి. 351 మందిని చేర్చుకోవాలి. 298కి పదిహేను శాతం కలిపి 343 అంటారు కొందరు. అందులో పదిహేను శాతం పోతే మిగిలేది 291 మందే, ఏడుగురు తక్కువ పడతారు.

“మూడువందల యాభయ్యా సార్! వంద మందితో చేస్తే ఏమవుతుంది? మహా అయితే ఏమీ తేలదు, అంతేగా?”

ఏమీ తేలకపోతే నయమే. పూర్తి వివరాలున్న వంద మంది తల్లులతో ఈ అధ్యయనం చేస్తే వచ్చే అంచనాకు ఉండే స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 31 గ్రాములు. దాని ప్రకారం పవర్ 37 శాతం. అంటే నిజంగా ఉన్న సంబంధం మూడింట రెండుసార్ల వరకూ జారిపోతుంది. అది కనబడే నష్టం. కనబడని నష్టం ఇంకొకటుంది. వంద మందితో పీ-విలువ 0.05 కన్నా తగ్గాలంటే అంచనా కనీసం 60 గ్రాములైనా రావాలి. నిజం 50. కాబట్టి నిజానికి దగ్గరగా వచ్చిన అంచనాలేవీ ఆ గీత దాటలేవు. పెంచి చెప్పినవే దాటతాయి. అలా గీత దాటినవాటి సగటు తీస్తే దాదాపు 82 గ్రాములు తేలుతుంది, అసలు కన్నా అరవై శాతానికి పైగా ఎక్కువ. పత్రికలు ముద్రించేది ఎక్కువగా వాటినే. రేపు ఇంకో పీజీ ఆ వ్యాసం చదివి, ‘పాత అధ్యయనంలో 82 వచ్చింది’ అని అదే అంకెను తన లెక్కలో b దగ్గర పెడుతుంది. ఆమెకు మళ్లీ వంద చుట్టుపక్కలే వస్తుంది. ఈ చక్రం ఇలాగే తిరుగుతూ ఉంటుంది. చిన్న అధ్యయనంలో పీ-విలువ బాగా వచ్చిందంటే నాకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కలుగుతుంది.

b విషయంలో ఇంకో అడ్డదారి కూడా ఉంది. జి-పవర్ అని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కువమంది వాడతారు. మంచి పనిముట్టు. కానీ అది f² అనే అంకె అడుగుతుంది. కోహెన్ చిన్నది 0.02, మధ్యరకం 0.15, పెద్దది 0.35 అని స్థూలంగా పేర్లు పెట్టిపోయాడు. ఏమీ తోచనివాళ్లు మధ్యరకం అంటూ 0.15 ఉంచేస్తారు. అప్పుడు ఒక సంబంధాన్ని 80 శాతం పవర్‌తో పట్టుకోవడానికి 55 మంది చాలంటుంది. మన లెక్కలోని 50 గ్రాములను అదే కొలతలోకి మారిస్తే f² సుమారు 0.026 అవుతుంది. అది పెట్టి చూస్తే దాదాపు 300 అంటుంది. పనిముట్టు ఒకటే, నొక్కిన మీటా ఒకటే, జవాబులో అయిదింతలకు పైగా తేడా. గ్రాముల్లో ఆలోచించినవాళ్లకు ‘మధ్యరకం’ అనే మాటతో పనిలేదు. ‘యాభైకి ఎనిమిదేసి చొప్పున కలుపు’ అనే సూత్రమూ ఇలాంటిదే. ఆరు విషయాలు లెక్కలోకి తీసుకుంటే 98 మంది అని చెబుతుంది. అది అన్ని విషయాలూ కలిపి మధ్యరకం సంబంధం ఉందా అన్న ప్రశ్నకు పనికొచ్చే సూత్రం. హిమోగ్లోబిన్ ఒక్కదాని వాటా ఎంత అన్నదానికి కాదు.

మరి s, σ ఎక్కడి నుంచి తేవాలి? చాలామంది ఇరవై మందితో పైలట్ చేసి అందులో వచ్చింది వాడతారు. ఇరవై మందిలో 400 అని తేలితే అసలు విలువ 300 నుంచి 580 వరకూ ఎక్కడైనా ఉండవచ్చు. 580 అయితే కావలసినవాళ్లు రెట్టింపు దాటతారు. ఇక పైలట్‌లో వచ్చిన b ని వాడటం మరీ ప్రమాదం, ఇరవై మందితో వచ్చే ఆ అంకెకు అర్థమే ఉండదు. పైలట్ పనికొచ్చేది వేరే విషయాలకి: ఎంతమంది ఒప్పుకుంటున్నారు, ఎంతమంది మధ్యలో పోతున్నారు, ఫారం నింపడానికి ఎంతసేపు పడుతోంది. తేడాల కోసం అదే ఆసుపత్రి కాన్పుల రిజిస్టరే మేలు. ఏడాది రికార్డులు తీస్తే వందల బరువులు దొరుకుతాయి. కాకపోతే వాటిని చూసేటప్పుడు కాస్త జాగ్రత్త. బరువులన్నీ 2.5, 3.0 దగ్గర గుంపులుగా ఉంటే, తూకం చూసినవాళ్లు గుండ్రని అంకె రాసేశారని అర్థం. ఇంకో సంగతి, రిజిస్టర్‌లో దొరికేది బరువుల మొత్తం తేడా. లెక్కకు కావలసిన σ దానికన్నా కొంచెం తక్కువే ఉంటుంది, కాబట్టి మొత్తం తేడానే వాడితే మనం నష్టపోయేది లేదు, కొద్దిమంది ఎక్కువ చేరతారంతే.

σ ని తగ్గించే మార్గం కూడా ఉంది, అదీ దాదాపు ఖర్చు లేకుండా. బిడ్డ ఆడా మగా అన్నది బరువుతో ముడిపడి ఉంటుంది, తల్లి హిమోగ్లోబిన్‌తో దానికి సంబంధం లేదు. అలాంటి విషయాలను రిగ్రెషన్‌లో చేర్చితే R² పెరగదు, σ మాత్రం తగ్గుతుంది. అలా చేర్చినవన్నీ కలిసి 400ను 360కి దించగలిగితే 298 కాస్తా 241 అవుతుంది. ఎన్నో వారంలో కాన్పు అయిందన్నది బరువుతో ఇంకా గట్టిగా ముడిపడింది, చేర్చాలని చేయి పీకుతుంది. కానీ రక్తహీనత వల్లే నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఉంది. అది చేర్చితే మనం కొలవాలనుకున్న ప్రభావంలో కొంత భాగాన్ని మనమే తుడిచేసినవాళ్లమవుతాం. శాంపిల్ మిగిల్చుకోవడానికి ప్రశ్నను మార్చుకోకూడదు.

శాంపిల్‌ను తెలియకుండా నీళ్లపాలు చేసేది ఇంకొకటుంది. 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత, ఎక్కువుంటే లేదు అని తల్లులను రెండు గుంపులుగా కోసేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకు పెట్టిన గీత అదే కాబట్టి చూడ్డానికి శాస్త్రీయంగానే ఉంటుంది. వైద్యం చేయడానికి ఆ గీత కావాలి కూడా. కానీ విశ్లేషణలో దానితో కోస్తే, 10.9 ఉన్న తల్లీ 7 ఉన్న తల్లీ ఒకటైపోతారు, 10.9కీ 11.1కీ మధ్య మాత్రం పెద్ద గోడ లేస్తుంది. సరిగ్గా మధ్యలో కోసినా మూడో వంతుకు పైగా సమాచారం పోతుంది. అదే పవర్ నిలబెట్టుకోవాలంటే 298 బదులు సుమారు 470 మంది కావాలి. అంకెను అంకెగా ఉంచితే దొరికేదాన్ని పారేసి, దానికోసం మళ్లీ నూట డెబ్భై మంది తల్లుల దగ్గర రక్తం తీయడం న్యాయం కాదు.

‘మొదటి కాన్పువాళ్లలో ఈ ప్రభావం ఎక్కువుంటుందా’ అని గైడ్ ఆఖరి నిమిషంలో ఒక ఉపప్రశ్న చేర్చడం కూడా మామూలే. అది ఒక్క వాక్యమే, కానీ రెండు గుంపుల మధ్య తేడా కూడా 50 గ్రాములే అయితే దాన్ని పట్టుకోవడానికి నాలుగింతల మంది కావాలి. 25 గ్రాములయితే పదహారింతలు, అంటే నాలుగువేల ఏడువందలు దాటుతారు. ఆ ఉపప్రశ్నను ప్రోటోకాల్‌లో ఉంచుకోవచ్చు. దానికి ఈ అధ్యయనం జవాబు చెప్పలేదని పక్కనే రాసి ఉంచుకోవాలి.

ఈ లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది: హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ బరువు ఒక సరళరేఖలో పెరుగుతుందని. నిజానికి హిమోగ్లోబిన్ మరీ ఎక్కువున్న తల్లులకు కూడా బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం పరిశోధనల్లో కనబడింది. గర్భంలో రక్తం పలచబడాల్సినంత పలచబడకపోవడం అందుకు ఒక కారణం. గీత ఒకచోట వంగి కిందికి దిగుతుంటే, దాన్ని సరళరేఖగా కొలిచినప్పుడు వాలు తక్కువగా తేలుతుంది, మన 298 చాలకపోవచ్చు. ఈ అనుమానం ఉన్నవాళ్లు ఫార్ములా పక్కన పెట్టి, కంప్యూటరులో వంపు ఉన్న లెక్కతోనే ఉత్తుత్తి తల్లులనూ బిడ్డలనూ పుట్టించి, అదే రిగ్రెషన్‌ను వెయ్యిసార్లు నడిపి, ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెట్టుకుంటారు. దాన్ని సిమ్యులేషన్ అంటారు. ఓపిక ఉంటే ఇదే మంచి దారి, ఎందుకంటే చేయబోయే విశ్లేషణ మొత్తం అక్కడ ముందే ఒకసారి చేసి చూసుకున్నట్టవుతుంది.

మన డాక్టరమ్మ దగ్గర ఉన్న సమయం ఆరు నెలలు. ఆమె యూనిట్‌లో నిబంధనలకు సరిపోయే తల్లులు నెలకు నలభై మంది వస్తారనుకుంటే మొత్తం 240. అందులో పదిహేను శాతం పోతే చేతికి చిక్కేది 204 మంది. ఇలాంటప్పుడు కొందరు b ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి, లెక్క 240 దగ్గరికి వచ్చేదాకా ఆగరు. అప్పటిదాకా పట్టింపు 50 గ్రాములకున్నది, ఉన్నట్టుండి 60కి మారుతుంది. కమిటీకి కనబడేది చక్కగా కుదిరిన లెక్కే.

మాస్టారు అలా చేయనివ్వలేదు. లెక్కను తిరగేశారు. 204 మందితో 80 శాతం పవర్‌తో పట్టుకోగలిగిన అతి చిన్న సంబంధం ఎంత అని అడిగితే దాదాపు 60 గ్రాములని వచ్చింది. బిడ్డ ఆడా మగా లాంటివి చేర్చి σ ని 360కి తేగలిగితే 54. ఆమె ముందు రెండు దారులున్నాయి. పక్క యూనిట్‌ను కలుపుకుని 351 మందిని చేర్చడం ఒకటి. 240తోనే చేసి, ‘ఈ అధ్యయనం ఒక గ్రాముకు సుమారు 55 నుంచి 60 గ్రాములు, ఆపైన ఉన్న తేడానే నమ్మకంగా పట్టుకోగలదు, మాకు ముఖ్యమనిపించిన 50 గ్రాములు దీనికి కొంచెం అందనంత దూరంలో ఉంది’ అని ప్రోటోకాల్‌లోనే రాసేయడం రెండోది. రెండో దారి పడితే, చివర్లో పీ-విలువ ఎంత వచ్చినా అంచనాకు అటూ ఇటూ ఉన్న హద్దులు రెండూ గ్రాముల్లో రాయాలని కూడా మాస్టారు చెప్పారు. డేటా వచ్చాక, వచ్చిన b నే మళ్లీ ఫార్ములాలో పెట్టి ‘మా పవర్ ఇంత’ అని లెక్కగట్టడం మాత్రం వద్దన్నారు. అది పీ-విలువనే ఇంకో వేషంలో చెప్పడం. పీ-విలువ సరిగ్గా 0.05 అయితే ఆ పవర్ ఎప్పుడూ 50 శాతమే చూపిస్తుంది.

ఆమె పక్క యూనిట్ చీఫ్ మేడమ్‌ను కలవడానికి వెళ్లింది.